సైలెంట్ షట్టర్ గీసిన చారలు

(బరంపురంలో జరిగిన స్థానిక ఫొటోగ్రాఫర్ల కలయికలో ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి, గుణుపురం నుంచి, అటు ఇచ్ఛాపురం నుంచి కూడా వచ్చారు. సీజన్ మధ్యలో ఒక ఆదివారం వదులుకుని వచ్చారంటే ఆ విలువ నాకు తెలుసు. అందుకే కొత్త లెన్సుల గురించి మాట్లాడను. నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. ఆ తప్పుకి రెండు రోజులు పట్టింది. ఒక సాయంత్రం మొదలై మర్నాడు తెల్లవారుజామున పూర్తయింది.

మొదటి రోజు ఇక్కడే ఊళ్లో ఒక సంగీత కచేరీ. గాత్రం, వయొలిన్, మృదంగం. చిన్న హాలు, మైకులు మంచివి. నిర్వాహకులు ముందే చెప్పారు, ఆలాపన జరుగుతుంటే మీ టకటక వినిపించకూడదని. న్యాయమైన మాటే. నేను కెమెరాలో సైలెంట్ షట్టర్ పెట్టుకున్నాను. షట్టర్ స్పీడు 1/320. వయొలిన్ కమాను కదులుతుంటుంది కదా, బ్లర్ రాకూడదని. మొదటి వరసలో కూర్చుని మూడు వందల ఫొటోలు తీశాను. పక్కన కూర్చున్న పెద్దాయనకి నేను తీస్తున్నట్టే తెలియలేదు. కెమెరా వెనక చూసుకుంటే అన్నీ బాగున్నాయి. ఆనందంగా ఇంటికెళ్లాను.

రాత్రి కంప్యూటర్లో తెరిచాను. వేదిక వెనక తెల్లటి గోడ ఉంది. ఆ గోడ మీద అడ్డంగా చారలు. ఒకటి వెలుగు, ఒకటి నీడ, మళ్లీ వెలుగు, మళ్లీ నీడ. గాయకుడి తెల్ల పంచె మీద కూడా అదే. ఎవరో బూడిదరంగు రిబ్బన్లు అంటించినట్టు. మూడు వందల్లో దాదాపు అన్నీ అంతే. మూడంగుళాల స్క్రీన్ మీద అవి కనిపించలేదు. జూమ్ చేసినా కనిపించవు, ఎందుకంటే జూమ్ చేసేది కళ్ల మీద, కళ్లు షార్పుగా ఉన్నాయా లేదా అని. ఇలాంటి చారలు పట్టుకోవాలంటే జూమ్ చేయకూడదు. ఫొటో మొత్తాన్ని కాస్త దూరం పెట్టి, గోడనో పంచెనో చూడాలి.

ఈ చారలు ఎందుకు వచ్చాయో చెప్పాలంటే మన ఊరి మగ్గం దగ్గరికి వెళ్లాలి. బరంపురం పట్టుచీర నేసేటప్పుడు చీర అంతా ఒక్కసారి పుట్టుకురాదు కదా. ఒక్కో పేక పోగు వేసుకుంటూ, ఒకదాని పక్కన ఒకటి చేరుస్తూ వస్తారు. సైలెంట్ షట్టర్లో సెన్సర్ పని అచ్చం అదే. పై వరసలో వెలుగు తీసుకుని చదువుతుంది, తరవాత దాని కింది వరస, తరవాత దాని కిందిది. అలా వేల వరసలు చదివి కిందికి దిగేసరికి కొంత సమయం పడుతుంది. ఇప్పుడు నేస్తున్న మనిషికి ఎవరో కాసేపు ఎర్ర పోగు, కాసేపు నల్ల పోగు అందిస్తున్నారనుకోండి. చీర మీద అడ్డచారలు పడతాయి. నేసేవాడి తప్పు లేదు. పోగు మారుతోంది.

ఇక్కడ పోగు అంటే వెలుగు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఒక్కో చక్రంలో రెండుసార్లు పైకి లేస్తుంది కాబట్టి చోకు ట్యూబులైటు, చౌకరకం ఎల్ఈడీ బల్బు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతాయి. కంటికి తెలియదు. కానీ 1/320 స్పీడుతో ఒక్కో వరసా ఆ వెలుగులో చిన్న ముక్కనే అందుకుంటుంది. ఒక వరసకి వెలుగు ఉన్న ముక్క దొరికితే ఇంకో వరసకి తగ్గిన ముక్క దొరుకుతుంది. అదే చార.

మామూలు షట్టర్లో ఎందుకు రావు అంటారా? అక్కడ కూడా తెరలు పై నుంచి కిందికే దిగుతాయి. కానీ ఆ ప్రయాణం సెకనులో సుమారు 250వ వంతులో అయిపోతుంది, అంటే 4 మిల్లీసెకన్లు. లైటు ఒకసారి వెలిగి తగ్గడానికి 10 మిల్లీసెకన్లు. వెలుగు సగం మారేలోపే తెర దిగిపోతుంది. అందుకని మహా అయితే ఫొటో ఒక అంచు కాస్త నల్లగా, లేదా ఒక ఫొటోకీ తరవాతి ఫొటోకీ వెలుగు తేడాగా వస్తుంది. చారలు చారలుగా రాదు.

మరి సైలెంట్‌లో మీ కెమెరా ఎంతసేపట్లో దిగుతుంది? ఇదీ అసలు ప్రశ్న. దీన్ని కంపెనీలు పెట్టె మీద రాయవు. మీరే కొలుచుకోవచ్చు. దానికి ఒక చోకు ట్యూబులైటు, ఒక తెల్లగోడ చాలు.

రాత్రిపూట గదిలో మిగతా లైట్లన్నీ ఆపండి. ట్యూబులైటు ఒక్కటే ఉంచండి. సైలెంట్ షట్టర్ పెట్టి, స్పీడు 1/1000 చేసి, ఐఎస్ఓ ఎంత కావాలంటే అంత పెంచి, గోడను ఫ్రేము నిండా తీయండి. ఫోకస్ అక్కర్లేదు. గ్రెయిన్ వచ్చినా ఫరవాలేదు. ఇప్పుడు చారలు లెక్కపెట్టండి. ఒక వెలుగు, ఒక నీడ కలిపి ఒకటి. ఆ అంకెని 100తో భాగించండి, ఎన్ని సెకన్లలో దిగుతుందో వస్తుంది. అంతే.

నా కెమెరాకి ఐదు వచ్చాయి. ఒక్కో చార 10 మిల్లీసెకన్లు కాబట్టి మొత్తం 50 మిల్లీసెకన్లు. అంటే సెకనులో 20వ వంతు. నేను 1/320 పెట్టాను, 1/1000 పెట్టాను అనుకుంటున్నాను గానీ పై వరస తీసిన క్షణానికీ కింది వరస తీసిన క్షణానికీ మధ్య 1/20 సెకను తేడా ఉంది! ఈ మాట ఒక్కటి మనసులో ఉంచుకోండి. ఇకపై నేను చెప్పేదంతా దీని నుంచే వస్తుంది.

ఒక చిన్న గుర్తు. కెమెరాని నిలువుగా తిప్పి అదే గోడ తీయండి. చారలు కూడా నిలువుగా మారతాయి. నిజంగా గోడ మీద పడిన నీడైతే మీరు కెమెరా తిప్పితే అది తిరగదు. చారలు కెమెరాతో పాటు తిరిగాయంటే అవి షట్టర్ చారలే. ఎప్పుడైనా అనుమానం వస్తే ఇలా తేల్చుకోండి.

ఇప్పుడు మందు. వరస ఒక్కోటీ ఎంతసేపు వెలుగు తీసుకోవాలో ఆ సమయం లైటు చక్రానికి సరిగ్గా సరిపోతే ప్రతి వరసకీ ఒక పూర్తి వెలుగు, ఒక పూర్తి తగ్గుదల అందుతాయి. అందరికీ సమానంగా వడ్డించినట్టు. చారలు పోతాయి. మన దేశంలో ఆ స్పీడ్లు 1/100, 1/50. ఇంకా తక్కువకి పోతే 1/25. 1/60 మంచిది కాదా, దగ్గరగానే ఉంది కదా అని అడుగుతారు. 1/60లో లైటు చక్రం ఒకటీ, ఇంకో మూడింట రెండు వంతులూ పడతాయి. ఆ మిగులే లేత చారగా కనిపిస్తుంది. 1/60 చారలు లేకుండా పనిచేసేది 60 హెర్ట్జ్ కరెంటున్న అమెరికాలో. అక్కడివాళ్ల వీడియోలు చూసి ఇక్కడ పెట్టుకోకండి. 1/125 కూడా కాస్త ఎడం.

కొందరు నాతో అన్నారు, అన్నా, నా కెమెరాలో 1/100 లేదు, 1/90 తరవాత 1/125 వస్తోంది అని. మెనూలో ఎక్స్‌పోజర్ స్టెప్ 1/2కి పెట్టి ఉంది. దాన్ని 1/3కి మార్చండి. 1/100, 1/50 రెండూ వస్తాయి. సైలెంట్ షట్టర్ వాడదలుచుకున్నవాళ్లు మొదట చేయాల్సిన పని ఇదే.

1/100 పెడితే వయొలిన్ కమాను బ్లర్ అవుతుంది. అవును, అవుతుంది. నేనూ మళ్లీ వెళ్లాను, ఇంకో కచేరీకి. 1/100 పెట్టుకుని, ముప్పై ఫొటోలు పాడుచేశాక తెలిసింది. కమాను ఒక కొసకి వెళ్లి తిరుగుతుంది చూడండి, ఆ తిరిగే చోట ఒక్క క్షణం ఆగుతుంది. రాగం వింటూ ఉంటే ఆ మలుపు ముందే తెలుస్తుంది. అక్కడ నొక్కాలి. మృదంగం వేళ్లు మాత్రం ఆగవు. వేళ్లు కాస్త చెదిరినా, ముఖం షార్పుగా ఉంటే అదే అందం అని నేను సర్దుకున్నాను. అక్కడ స్పీడు పెంచి చారలు తెచ్చుకునే కన్నా అదే నయం.

ఇదంతా ట్యూబులైటు లెక్క. వేదిక మీద రంగురంగుల ఎల్ఈడీ పార్ లైట్లు ఉంటే కథ మారుతుంది. వాటి వెలుగు తగ్గించాలంటే చాలా లైట్లలో కరెంటు తగ్గించరు. లైటుని చాలా వేగంగా ఆపి వెలిగిస్తూ ఉంటారు, సెకనుకి కొన్ని వందల నుంచి కొన్ని వేల సార్లు. నిండుగా వెలిగినప్పుడు ఆపడం ఉండదు కాబట్టి చార ఉండదు. సగానికి తగ్గిస్తే సగం సేపు ఆరి ఉంటుంది. చార అక్కడ ముదురుతుంది. ఉదాహరణకి సెకనుకి 1000 సార్లు ఆరే లైటు అనుకుందాం. నా కెమెరా 50 మిల్లీసెకన్లలో దిగుతుంది కాబట్టి ఫొటోలో 50 సన్నటి గీతలు పడతాయి. మామూలు షట్టర్‌తో కూడా 4 మిల్లీసెకన్లలో నాలుగు పడతాయి. ఎల్ఈడీ దగ్గర మామూలు షట్టర్ పూర్తి రక్ష కాదు, తక్కువ నష్టం. అంతే.

ఇంకో తలనొప్పి ఏమిటంటే ఆ లైట్లలో ఎరుపు, పచ్చ, నీలం దేనికదే ఆరి వెలుగుతుంది. అప్పుడు చార నల్లగా ఉండదు. ఒకటి గులాబీ, ఒకటి పచ్చ. అది ముఖం మీద పడితే ఎడిటింగ్‌లో తీయడం అయ్యే పని కాదు. గోడ మీద బూడిద చారల్ని ఎలాగో సర్దవచ్చు. ముఖం మీద రంగు చారలుంటే నాకు తెలిసిన దారి బ్లాక్ అండ్ వైట్ చేసేయడం. అప్పుడూ వెలుగు తేడా కొంత మిగులుతుంది. అంతకన్నా లైటు అబ్బాయి దగ్గరికి వెళ్లి, బాబూ, ముందు వైపు తెల్ల లైట్లు రెండు నిండుగా పెట్టి రంగులన్నీ వెనక్కి తిప్పు అని అడగడం సులువు. కార్యక్రమం మొదలయ్యే ముందు అడిగితే నాకు ఎవరూ కాదనలేదు. మొదలయ్యాక అడిగితే వినే ఓపిక వాళ్లకి ఉండదు.

ఇక రెండో రోజు.

ఆ చారలు చూసుకుని దిగులుగా పడుకున్నాను. తెల్లవారుజామున పెళ్లి. ముహూర్తం నాలుగు దాటాక. అదే కెమెరా బ్యాగులో పెట్టుకుని వెళ్లాను. మంటపం మీద తెల్లటి గుడ్డ కప్పు ఉంది. ఫ్లాష్‌ని పైకి తిప్పి దాని మీద కొడితే మెత్తటి వెలుగు వస్తుంది, మీ అందరికీ తెలిసిందే. గౌరీపూజ దాకా నా శిష్యుడు ఇంకో కెమెరాతో తీశాడు. జీలకర్ర బెల్లానికి నేను ముందుకొచ్చాను. అడ్డుతెర పట్టుకున్నారు. పంతులుగారు మంత్రం అందుకున్నారు. నొక్కాను. ఫ్లాష్ కొట్టలేదు.

మళ్లీ నొక్కాను. లేదు. సెల్స్ అయిపోయాయనుకున్నాను. మార్చాను. లేదు. తడి చేతుల వల్ల కనెక్షన్ పోయిందేమో అని ఫ్లాష్ ఊడదీసి తుడిచి బిగించాను. లేదు. ఈలోగా పెళ్లికొడుకు చెయ్యి పెళ్లికూతురు తల మీదికి వెళ్లిపోయింది. గట్టిమేళం మొదలైంది. నా ఫొటోలన్నీ చీకటి.

ఫ్లాష్ వెనక టెస్ట్ బటన్ ఉంటుంది చూడండి. చివరికి అది నొక్కితే ఫ్లాష్ చక్కగా వెలిగింది. అప్పుడు బుర్ర పనిచేసింది. ఫ్లాష్ బాగానే ఉంది, సెల్స్ బాగానే ఉన్నాయి. కెమెరా దానికి కొట్టు అని చెప్పడం లేదు. ఎందుకు చెప్పడం లేదు? నిన్నటి కచేరీ సైలెంట్ షట్టర్ ఇంకా అలాగే ఉంది. కెమెరా ఆపి మళ్లీ ఆన్ చేసినా ఆ సెట్టింగ్ పోదు.

మీకెప్పుడైనా ఇలా జరిగితే ఈ వరస గుర్తుంచుకోండి. టెస్ట్ బటన్‌కి వెలుగుతోంది, షట్టర్‌కి వెలగడం లేదు. అలాంటప్పుడు సెల్స్ జోలికి వెళ్లకుండా ముందు షట్టర్ మోడ్ చూడండి. మెనూలో ఫ్లాష్ సెట్టింగులు బూడిదరంగులో, నొక్కడానికి వీల్లేకుండా ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు.

కెమెరా ఫ్లాష్‌ని ఎందుకు ఆపేస్తుంది? మన 50 మిల్లీసెకన్ల లెక్క తీసుకోండి. ఫ్లాష్ వెలుగు సెకనులో వెయ్యో వంతో, అంతకన్నా తక్కువో. స్పీడు 1/100 అనుకుందాం, అంటే ఒక్కో వరస 10 మిల్లీసెకన్లు తెరుచుకుని ఉంటుంది. వరసలు అన్నీ దిగడానికి 50 పడుతుంది. కాబట్టి ఏ క్షణంలో చూసినా తెరుచుకుని ఉన్నది ఐదో వంతు వరసలే. ఫ్లాష్ కొడితే ఆ ఐదో వంతు మీదే పడుతుంది. ఫొటో మధ్యలో ఒక పట్టీ మాత్రం వెలుగు, మిగతాది చీకటి. అలాంటి ఫొటో ఇచ్చే కన్నా ఫ్లాష్‌ని మూసేయడం మేలని తయారుచేసినవాళ్లు అనుకున్నారు. స్పీడు బాగా తగ్గించి 1/10 చేస్తే అన్ని వరసలూ కలిసి తెరుచుకున్న క్షణం దొరుకుతుంది నిజమే. అయినా చాలా కెమెరాలు సైలెంట్‌లో ఏ స్పీడుకైనా ఫ్లాష్ ఒప్పుకోవు.

మీ ఫ్లాష్ ఆగిపోయినా పక్కవాడి ఫ్లాష్ ఆగదు. ఇది నేను అదే పెళ్లిలో చూశాను. పెళ్లికొడుకు తరఫున వేరే స్టూడియో వాళ్లు వచ్చారు. వాళ్ల ఫ్లాష్ వెలిగిన క్షణంలో నా సైలెంట్ షట్టర్ దిగుతోంది. ఆ ఫ్రేములో పెళ్లికూతురి నుదురు, బాసికం దగ్గర మాత్రం తెల్లగా పట్టీ. పైన జడ, కింద ముక్కు చీకటి. తెల్ల రంగు కుంచెతో ఒక్క గీత గీసినట్టు. మామూలు షట్టర్‌లో 1/125 దగ్గరైతే పక్కవాడి ఫ్లాష్ ఫ్రేమంతా పడే అవకాశమైనా ఉంటుంది, కొన్నిసార్లు మాత్రం ఒక భాగం మీదే పడుతుంది. నలుగురు ఫొటోగ్రాఫర్లున్న మంటపంలో సైలెంట్ షట్టర్ అంటే ఇదొక జూదం.

అసలు నన్నడిగితే ముహూర్తానికి సైలెంట్ షట్టర్ ఎందుకండీ? నాదస్వరం, డోలు చెవులు పగలగొడుతుంటాయి. బంధువులు అక్షింతలు వేస్తూ అరుస్తుంటారు. మీ షట్టర్ టక్కుమంటే ఎవరికి వినిపిస్తుంది! (నవ్వులు) కచేరీలో దానికి అర్థం ఉంది. పెళ్లిలో ఒకటి రెండు చోట్ల ఉంది. కన్యాదానం మంత్రాలప్పుడు వీడియో మైకు పక్కనే మీరు నిలబడి ఉంటే, లేదా అప్పగింతల్లో తల్లీ కూతుళ్లు ఏడుస్తుంటే. అక్కడ నేను ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ వాడతాను. మొదటి తెర బదులు సెన్సర్ పని మొదలుపెడుతుంది, రెండో తెర మామూలుదే దిగుతుంది. రెండు చప్పుళ్ల బదులు ఒక్క మెత్తటి చప్పుడు. ఫ్లాష్ పనిచేస్తుంది. చారల విషయంలో మామూలు షట్టర్‌తో సమానం. ఒక్క లోపం, బాగా వెలుగులో 1.4 లాంటి లెన్సు పూర్తిగా తెరిచి 1/2000 దాటితే వెనక బ్లర్ గుండ్రాలు సగం కోసినట్టు వస్తాయి. మంటపంలో ఆ స్పీడు ఎవరికీ రాదు.

ఇక్కడ కూర్చున్న తమ్ముడొకడు ఇందాక అడిగాడు, యాంటీ ఫ్లికర్ ఆన్ చేస్తే సరిపోదా అని. ఆ ఆప్షన్ ట్యూబులైటు వెలుగు ఎక్కువగా ఉన్న క్షణం చూసి షట్టర్ వదులుతుంది. మామూలు షట్టర్‌తో బాగా పనిచేస్తుంది. కానీ చాలా కెమెరాల్లో సైలెంట్ పెట్టగానే అది ఆగిపోతుంది. పైగా అది వెతికేది 100, 120 సార్లు ఆరే లైట్లనే. ఎల్ఈడీ పార్ లైట్లకి దానితో పని జరగదు. కొన్ని ఖరీదైన బాడీల్లో హై ఫ్రీక్వెన్సీ ఫ్లికర్ అని వేరే ఆప్షన్ ఉంది. అందులో స్పీడుని 1/250.6 లాగ పాయింట్లలో జరుపుకుంటూ చార మాయమయ్యే చోట ఆపుకోవచ్చు. ఒకే రకం లైటు ఉంటే బ్రహ్మాండం. నాలుగు కంపెనీల లైట్లు కలిపి కట్టిన మంటపంలో ఒకదానికి కుదిరితే ఇంకోదానికి కుదరదు.

జనరేటర్ గురించి కూడా ఒక మాట. రాయగడ వైపు, గజపతి జిల్లా లోపలి ఊళ్లలో పెళ్లికి వెళ్తే కరెంటు పోయి జనరేటర్ మీద నడవడం మామూలే. జనరేటర్ వేగం లోడుని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. దాంతో 50 హెర్ట్జ్ కూడా జరుగుతుంది. 1/100 దగ్గర చక్కగా ఉన్న గోడ మీద ఉన్నట్టుండి లేత చార కనిపిస్తే అది కావచ్చు. అప్పుడు 1/50కి దిగండి, తేడా పలచబడుతుంది. లేదా సైలెంట్ మానేయండి.

(సభలోంచి ప్రశ్న: అసలు మెకానికల్ షట్టరే లేని కెమెరాలు వచ్చాయి కదా, వాటి సంగతేమిటి?)

మంచి ప్రశ్న. 2021లో వచ్చిన నికాన్ Z9లో మెకానికల్ షట్టర్ లేనే లేదు. దాని సెన్సర్ రకం వేరు, స్టాక్‌డ్ అంటారు. 4 మిల్లీసెకన్లకి దగ్గర్లో దిగిపోతుంది, అంటే మామూలు షట్టర్ వేగమే. అందుకే ఫ్లాష్ 1/200 దాకా పనిచేస్తుంది. ట్యూబులైటు పరీక్ష దాని మీద చేస్తే ఐదు చారలు రావు, అర చార కూడా రాదు, ఒక వైపు కాస్త నీడ వస్తుంది. సోనీ A1లో మెకానికల్ షట్టర్ ఉంది గానీ, సెన్సర్ ఆ కోవదే. సోనీ A9 III ఇంకో మెట్టు. అందులో వరసలన్నీ ఒకేసారి తెరుచుకుని ఒకేసారి మూసుకుంటాయి. ఫొటోలోపల చార అనే మాటే లేదు. కానీ లైటు ఆరుతూ వెలుగుతూనే ఉంటుంది కదా. వరసగా పది ఫొటోలు తీస్తే ఒకటి వెలుగు, ఒకటి డల్‌గా రావచ్చు. ఆ కెమెరాల ధర ఎంతో మీకు తెలుసు, మన దగ్గర పెళ్లి ప్యాకేజీ ఎంతో కూడా తెలుసు. (నవ్వులు) కొన్నవాళ్లు వాడుకోండి. మిగతా మనందరం ట్యూబులైటు కింద లెక్కపెట్టుకుందాం.

నేను ఇప్పుడు ఏం చేస్తున్నానో చెప్పి దిగిపోతాను. డయల్ మీద C1లో పెళ్లి పెట్టాను. ఫస్ట్ కర్టెన్, 1/125, ఫ్లాష్. C2లో కచేరీ. సైలెంట్, 1/100, ఐఎస్ఓ ఆటో. C2 వాడిన రోజు ఇంటికి వెళ్లే ముందే డయల్ C1కి తిప్పి బ్యాగులో పెడతాను. పెళ్లికి దిగిన చోట కారులోంచి బయటికి రాగానే ఫ్లాష్ బిగించి, ఎదురుగా ఏది ఉంటే అది, గోడో అరటి చెట్టో, ఒక్క ఫొటో తీస్తాను. ఫ్లాష్ వెలిగితేనే లోపలికి వెళ్తాను. మొన్న ఒక ఇంట్లో అలా తీస్తే గేటు దగ్గర నిలబడ్డ పెళ్లికూతురి తాతగారు వెనక్కి తిరిగి, అప్పుడే మొదలెట్టేశావా నాయనా, ఇంకా గెడ్డం కూడా గీసుకోలేదు అన్నారు. ఆ ఫొటో ఆల్బమ్‌లో మొదటి పేజీలో వేశాను.